నాలుగు గంటలకు ఏడో నంబరు

ఎనభై ఆరో పేరు ఎదురుగా చివరి అంకె వేసి, ఫైలు దాచి, పెద్ద గుమస్తా చేతిలోని చీటీని అడ్డంగా చింపాడు. ఆ ముక్కలను మళ్లీ చింపి కాళ్ల దగ్గరున్న డబ్బాలో వేశాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆయన పద్ధతి అదే. ఎక్కించిన చీటీ బల్ల మీద మిగిలితే ఎవడో ఒకడు దాన్ని రెండోసారి ఎక్కిస్తాడు. అందుకని ఎక్కించిన వెంటనే చింపడమే. డబ్బా ఏ రోజుకా రోజు ఖాళీ అవుతుంది. స్కూలు వెనక గుంటలో కాగితాలు కాలతాయి.

ఆఫీసులో కంప్యూటరు పోయిన వారం పాడైంది. అప్పటి నుంచి ఆయన పిల్లల కంప్యూటర్ల గదిలో, ఫ్యాను కిందున్న ఏడో నంబరు ముందు కూర్చుంటున్నాడు. సోమవారం మొదలుపెట్టాడు. ఇవాళ శనివారం. ఆఖరి తరగతి పిల్లలు ఎనభై ఆరుగురికి ప్రయోగ పరీక్షల మార్కులు, నోటి పరీక్షల మార్కులు. బయట నుంచి వచ్చిన పరీక్షకులు చీటీల మీద వేసి, సంతకాలు పెట్టి, ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇవాళ సాయంత్రం ఐదు లోపు ఈ పట్టిక పై ఆఫీసు వెబ్‌సైటులోకి ఎక్కాలి. ఎక్కని పిల్లవాడు పరీక్షకు రానట్టే లెక్క. రానివాడు తప్పినట్టే. ఆ పై మొత్తుకున్నా వినేవాడుండడు.

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి మిషనుకు గుచ్చాడు. ఏమీ కాలేదు. తీసి, తిప్పి గుచ్చాడు. ఊది గుచ్చాడు.

"ఏమయ్యా, ఇది తీసుకోవడం లేదేంటి?"

తలుపు దగ్గర నేల మీద కూర్చుని వాలీబాల్ వల ముడులు వేస్తున్న డ్రిల్లు మాస్టారు తలెత్తాడు. మెడలో ఈల. కంప్యూటర్ల టీచరు తల్లికి కంటి ఆపరేషనని వారం సెలవు పెట్టింది. గది తాళాలు ఇతనికి అప్పగించింది. కంప్యూటర్ల గురించి ఇతనికి తెలిసింది తక్కువ, తెలుసని చెప్పుకునేది ఎక్కువ.

"పిల్లల మిషన్లకి అవి పనిచెయ్యవు బాబాయిగారూ. వైరస్‌లు తెస్తారని టీచరమ్మ మూసేసింది. ఇంటర్నెట్టు కూడా పరీక్షలయ్యేదాకా కట్."

"మరి నా పట్టిక నెట్టున్న హెడ్డుగారి గదికి ఎలా తీసుకెళ్లేది? నెత్తిన పెట్టుకుని మొయ్యనా?"

"మీరు ఇవాళ చేసిందే కదా. ఎంతుంటుంది?"

"ఇవాళ చేసిందేంటయ్యా? ఆరు రోజుల పని."

డ్రిల్లు మాస్టారు వల పక్కన పడేసి లేచి వచ్చాడు. తెర మీదకు వంగి చూశాడు. నవ్వబోయి మానేశాడు.

"ఇవి సోమవారం నుంచి ఇక్కడే ఉన్నాయా?"

"నేను పెట్టిన చోట ఉండక ఎక్కడికి పోతాయి?"

"పోవాలి బాబాయిగారూ. ఈ మిషన్లకి ఫ్రీజ్ వేసుంది. ఆపి మళ్లీ పెడితే, ఫ్రీజ్ వేసిన రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. మధ్యలో ఎవరు ఏం రాసినా, ఏం దాచినా, ఏదీ ఉండదు. పిల్లలు పాడుచేసినా ఒక్కసారి ఆపి పెడితే బాగైపోద్దని అలా చేస్తారు. మరి మీవి ఎలా ఉన్నాయి?"

"నీ మొహం. నేను రోజూ సాయంత్రం ఆపి వెళ్తున్నా. పొద్దున్నే వచ్చి పెడుతున్నా. అన్నీ ఉన్నాయి."

"ఎలా ఆపుతారు?"

గుమస్తా చెయ్యి చాపి తెర కింది గుండీ నొక్కాడు. తెర నల్లబడింది. "ఇలా."

డ్రిల్లు మాస్టారు బల్ల కిందకు వేలు చూపించాడు. అక్కడ నల్లటి పెట్టె మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. లోపల ఫ్యాను సన్నగా రొద పెడుతోంది.

"అది ఆపలేదు బాబాయిగారూ. మీరు ఆపింది టీవీలాంటి ఈ తెరనే. పెట్టె ఆరు రోజులుగా నడుస్తూనే ఉంది. అందుకే ఉన్నాయి. లేకపోతే మంగళవారం పొద్దున్నే మీకు తెలిసిపోయేది."

గుమస్తా మళ్లీ గుండీ నొక్కాడు. తెర వెలిగేలోపు ఊపిరి తీసుకోలేదు. పట్టిక కనిపించింది. ఎనభై ఆరు వరుసలు. ఆయన చేతులు రెండూ మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఇక ఆ మిషను మీద వేలు పెట్టాలంటే భయం వేసింది. కాలు తగిలి ఏ తీగ ఊడుతుందోనని పాదాలు కుర్చీ కిందకు లాక్కున్నాడు. ఆరు రోజులుగా చెప్పులతో ఆ తీగలను అటూ ఇటూ తంతూనే ఉన్నాడు.

"చీటీలు ఉన్నాయి కదా, మరేం ఫరవాలేదు," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

గుమస్తా డబ్బా వైపు చూశాడు. అందులో ఇవాళ్టి ఎనిమిది చీటీల ముక్కలున్నాయి. మిగిలిన డెబ్బై ఎనిమిది రోజుకిన్ని చొప్పున బూడిదయ్యాయి. డ్రిల్లు మాస్టారికి ఆయన చింపుడు సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఫొటోలు తీద్దామంటే ఫోన్లన్నీ హెడ్డుగారి బీరువాలో ఉన్నాయి. ఆయనేమో జవాబు పత్రాల కట్టలతో పోయారు. తాళం ఆయన దగ్గరే."

పరీక్షల రోజుల్లో కెమెరా ఉన్న ఫోను ఎవరి దగ్గరా ఉండకూడదు. గుమస్తాకు మాత్రం ఆఫీసు పని కోసం గుండీల ఫోను ఒకటి వదిలారు. ఆయన దాంతో టీచరమ్మకు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మూడోసారీ అంతే.

"ఇలా కాదు గానీ," డ్రిల్లు మాస్టారు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "టీచరమ్మ నాకు ఫ్రీజ్ పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్లింది, ఏదైనా అవసరమైతే అని. ఆ ఫ్రీజే తీసేస్తా. తీసేస్తే అన్నీ ఉండిపోతాయి. అప్పుడు తీరిగ్గా చూసుకుందాం. ఏం కాదు."

గుమస్తాకు ఆ మాట నచ్చలేదు. రెండేళ్ల కింద ఆస్పత్రిలో, ఆయన భార్య మంచం పక్కన తీగలు సర్దుతూ ఒక కుర్రవాడు అదే మాట అన్నాడు. ఏం కాదు. మర్నాటి పొద్దున్నకు ఆ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా మార్చేశారు. అప్పటి నుంచి ఆయనకు ఆ మాట అన్నవాళ్లెవరి మీదా నమ్మకం లేదు. క్షమించడం అంతకన్నా లేదు.

అయినా జరిగి చోటిచ్చాడు. వేరే దారి కనిపించలేదు.

డ్రిల్లు మాస్టారు తెర మూలనున్న చిన్న బొమ్మ మీద నొక్కి, పాస్‌వర్డ్ కొట్టాడు. ఒక పెట్టె తెరుచుకుంది. "ఇదిగో, ఫ్రీజ్ లేకుండా మొదలవాలి అని ఉంది. దీని మీద చుక్క పెడతా. అయిపోయింది. ఇప్పుడు మిషను ఒకసారి ఆపి పెట్టమంటోంది. నొక్కేస్తే తీరిపోద్ది."

బాణం గుర్తు ఆ గుండీ మీదకు వెళ్లింది. గుమస్తా అతని మణికట్టు పట్టుకున్నాడు. ఎముక నొప్పెట్టేలా పట్టుకున్నాడు.

"ఆగు. ఈ ఉత్తర్వు ఎప్పటి నుంచి అమలు?"

"ఉత్తర్వేంటి బాబాయిగారూ?"

"నువ్వు ఇప్పుడు ఫ్రీజ్ తీసెయ్యమని చెప్పావు. అది ఎప్పటి నుంచి అమల్లోకి వస్తుంది? ఇప్పటి నుంచా, మళ్లీ మొదలయ్యాకా?"

"మళ్లీ మొదలయ్యాక. అందుకే కదా ఆపి పెట్టమంటోంది."

"అంటే ఆపే లోపల పాత ఉత్తర్వే. పాత ఉత్తర్వు ప్రకారం, ఆపితే ఏమవుతుంది?"

డ్రిల్లు మాస్టారి వేలు మౌస్ మీద కొయ్యలా బిగుసుకుపోయింది.

"ఉన్నవన్నీ పోతాయి," అన్నాడు.

"పోయాక, ఫ్రీజ్ లేని ఖాళీ మిషను మిగులుతుంది. చెయ్యి తియ్యి. మెల్లగా. ఏదీ నొక్కకుండా."

రేపటి నుంచి అమలయ్యే ఉత్తర్వు నిన్నటి తప్పును కప్పదు. ముప్పై నాలుగేళ్లలో ఆయన నేర్చుకున్నది అదొక్కటే కావచ్చు. అదీ ఇవాళ అరక్షణం ఆలస్యంగా గుర్తొచ్చేదే. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

ఫోను మోగింది. మూడూ నలభై నాలుగు.

"బాబాయిగారూ, మా అమ్మకి చుక్కలు వేస్తున్నా, చూసుకోలేదు. చెప్పండి," అంది టీచరమ్మ.

ఆయన చెప్పాడు. నాలుగు మాటల్లో చెప్పాడు.

"ఏడో నంబరు ఇప్పుడు నడుస్తోందా?"

"నడుస్తోంది."

"టైమెంత?"

"పావు తక్కువ నాలుగు."

"ఇవాళ శనివారం బాబాయిగారూ. శనివారం నాలుక్కి పిల్లల మిషన్లన్నీ వాటంతటవే ఆగి మొదలవుతాయి. వారానికోసారి శుభ్రపడాలని నేనే పెట్టాను. ఐదు నిమిషాల ముందు తెర మీద చెప్తుంది."

"ఆపు దాన్ని."

"ఇక్కణ్ణుంచి ఆపలేను. అక్కడ ఆపే గుండీ లేదు. పిల్లలు వాయిదా వేస్తున్నారని తీసేశాను."

గుమస్తా కుర్చీ అంచు పట్టుకున్నాడు. ఎనభై ఆరుగురిలో ఒక్కడి ముఖం కూడా ఆయనకు గుర్తు రాలేదు. పేర్లు మాత్రం వరసగా కళ్ల ముందు పోతున్నాయి, ఆయన ఎక్కించిన వరసలోనే.

"ఎలా తియ్యాలి? చెప్పమ్మా, తొందరగా."

"తెర మీద 'ఇక్కడ దాచండి' అని పసుపు సంచి బొమ్మ ఉంది కదా."

ఉంది. ఆరు రోజులుగా ఉంది. పిల్లల ఆట ఏదో అనుకున్నాడు.

"అది నా మిషనులో సంచి. తీగ మీదుగా అక్కడికి పోతుంది. నా మిషనుకి ఫ్రీజ్ లేదు, అందులో పెట్టింది పోదు. దానికి పెన్‌డ్రైవ్ కూడా పనిచేస్తుంది. కానీ నాది ఆపి ఉంది, ముందు దాన్ని పెట్టాలి. పెట్టండి."

ఆయన గది చివరికి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం ఆ స్కూల్లో ఎవరూ చూసి ఉండరు. మధ్యలో తిరిగి అరిచాడు: "ఏమయ్యా, కాగితం తీసుకో. తెర చూసి మార్కులు రాయి. మొదటి పేరు నుంచి. పేర్లు వద్దు, నంబరూ మార్కులూ చాలు. మౌస్ తప్ప దేన్నీ ముట్టుకోకు."

టీచరమ్మ మిషను పాతది. గుండీ నొక్కితే మూలిగింది. నల్లతెర మీద తెల్లటి గీతలు వచ్చాయి, పోయాయి. చుక్కలు గుండ్రంగా తిరిగాయి. ఆయన చెవికి ఫోను ఆనించుకుని ఆ చుక్కలు చూస్తూ నిలబడ్డాడు. ఆస్పత్రిలో ఒక పచ్చగీతను అలాగే చూశాడు. అది కదులుతున్నంతసేపు చాలనుకున్నాడు.

"పాస్‌వర్డ్ అడుగుతోంది," అన్నాడు. మూడూ యాభై.

టీచరమ్మ మాట్లాడలేదు.

"అమ్మాయీ."

"చెప్తాను. మీరేమీ అనుకోకండి."

"చెప్పు."

"ముళ్లకంప."

గది అవతల డ్రిల్లు మాస్టారి పెన్ను ఆగింది. పిల్లలు గుమస్తాను అలా పిలుస్తారని గుమస్తాకు తెలుసు. టీచర్లు కూడా పిలుస్తారని ఇప్పుడు తెలిసింది.

"ఇంగ్లీషు అక్షరాలు చెప్పు," అన్నాడు. "ఒక్కొక్కటీ."

ఆమె చెప్పింది. ఆయన ఒక్క వేలితో కొట్టాడు. తప్పు అంది మిషను. రెండు అక్షరాలు ఒకేసారి పడ్డాయి. మొదట్నుంచి కొట్టాడు. తన పేరు తానే అక్షరం అక్షరం తిట్టుకున్నట్టు కొట్టాడు. తెర నీలంగా మారింది.

"బాబాయిగారూ," అని డ్రిల్లు మాస్టారు పిలిచాడు. "వచ్చింది. ఐదు నిమిషాల్లో ఆగిపోద్దంట. పని దాచుకోండి అంటోంది. అంకెలు తగ్గుతున్నాయి."

ఒక్క ఏడో నంబరు మీదే కాదు. ఆ పూట నడుస్తున్న నాలుగు మిషన్ల మీదా అదే పెట్టె, అవే అంకెలు. గుమస్తా వచ్చి కూర్చున్నాడు. పసుపు సంచి మీద రెండుసార్లు నొక్కాడు. ఏమీ తెరుచుకోలేదు.

"రావడం లేదమ్మా."

"నా మిషను ఇంకా పూర్తిగా లేవలేదేమో. కొంచెం ఆగి నొక్కండి."

"ఆగడానికి ఎక్కడుంది?"

నాలుగు నిమిషాల పది. నాలుగు నిమిషాలు. మళ్లీ నొక్కాడు. ఇసుక గడియారం గుర్తు తిరిగింది. దొరకలేదు అని వచ్చింది. డ్రిల్లు మాస్టారు పక్కన నిలబడి, తగ్గుతున్న అంకెల పెట్టె వెనక కనిపించినంత మేర చూసి రాస్తూనే ఉన్నాడు. ఇరవై ఒకటి. ఇరవై రెండు. అతని చెమట చుక్క కాగితం మీద పడి ఒక అంకె అలికింది. గుమస్తా దాన్ని చూశాడు. తిట్టడానికి కూడా ఊపిరి కావాలి.

మూడు నిమిషాల రెండు సెకన్లు ఉండగా సంచి తెరుచుకుంది. లోపల పిల్లల పేర్లతో చిన్న చిన్న సంచులు, వరసగా, పద్ధతిగా. ఆఖరి తరగతి పిల్లలు ఎనభై ఆరుగురూ తమ పనులు అక్కడ దాచుకున్నారు. ఒక్కడూ తప్పలేదు.

"ఫైలు మీద కుడి గుండీ నొక్కి, కాపీ అనండి. సంచిలో ఖాళీ చోట కుడి గుండీ నొక్కి, పేస్ట్ అనండి."

కాపీ అన్నాడు. పేస్ట్ అన్నాడు. వేలు జారి ఇంకేదో నొక్కుకుంది. వేరే జాబితా తెరుచుకుంది. మూసి, మళ్లీ చేశాడు. సంచి అడుగున ఆయన ఫైలు పేరు కనిపించింది.

"వచ్చిందమ్మా."

"నా మిషను మీద తెరిచి చూడండి. పేరుంటే చాలదు. లోపల చూడండి."

ఆ మాట ఆయనకు నచ్చింది. రెండోసారి పరుగెత్తాడు. ఫైలు తెరుచుకోవడానికి నలభై సెకన్లు పట్టింది. మొదటి పేరు. చక్రం తిప్పాడు. ముప్పై. అరవై. ఎనభై ఆరు, ఎదురుగా ఇందాక వేసిన చివరి అంకె. పెన్‌డ్రైవ్ గుచ్చి అందులోకి ఒకటి తీశాడు. వెంటనే, ఆ మిషనుకే ఉన్న ప్రింటరుకు ప్రింటు కూడా ఇచ్చాడు. యంత్రం మొదటి కాగితం కక్కుతుండగా వెనక నాలుగు పెట్టెలు ఒక్కసారిగా టక్కుమన్నాయి. ఫ్యాన్లు ఆగాయి. ఆరు రోజుల తర్వాత మొదటిసారి ఏడో నంబరు కింద ఆకుపచ్చ దీపం ఆరింది.

గుమస్తా కాగితాలు అన్నీ వచ్చేదాకా చేతులు చాపి నిలబడ్డాడు. ఫోనులో టీచరమ్మ, "బాబాయిగారూ, ఉన్నారా?" అంటోంది.

"ఉన్నా."

హెడ్డుగారి గదిలో నాలుగూ ముప్పై ఐదుకు పట్టిక ఎక్కింది. ఎనభై ఆరు అందాయి అని రసీదు వచ్చింది. దాన్ని కూడా ప్రింటు తీశాడు. రెండు ప్రతులు. చింపలేదు.

తిరిగి గదికి వచ్చేసరికి డ్రిల్లు మాస్టారు వల చుడుతున్నాడు.

"ఆరు రోజులు నా ఎదురుగానే కూర్చున్నావు," అన్నాడు గుమస్తా. "ఒక్క రోజు చెప్పలేకపోయావు."

"మీకు తెలుసనుకున్నా బాబాయిగారూ. మీకు తెలియందేముంది అని..."

"అనుకున్నావు. సరే."

ఆ సరే అన్నదాంట్లో క్షమించడం ఏమీ లేదు. డ్రిల్లు మాస్టారికి అర్థమైంది. వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

గుమస్తా టీచరమ్మకు ఫోను చేశాడు. "నీ మీద కూడా నాకు కోపముంది. ఇలాంటివి పెట్టినప్పుడు అందరికీ కనపడేలా నోటీసు వెయ్యాలి. గది తలుపు మీద అంటించాలి. ఎవరికీ చెప్పకుండా..."

"తలుపు మీద ఉంది బాబాయిగారూ."

ఆయన తలుపు దగ్గరకు వెళ్లాడు. తెరిచి ఉన్న తలుపు గోడకు ఆని ఉంది. ఆరు రోజులుగా దాని వెనక వైపు ఎవరికీ కనపడలేదు. లాగి చూశాడు. పసుపు పట్టిన కాగితం. ఈ గదిలోని కంప్యూటర్లు ఆగి మొదలైనప్పుడు అందులో దాచినవన్నీ పోతాయి. పని ముగియగానే 'ఇక్కడ దాచండి' సంచిలో పెట్టుకోవలెను. ప్రతి శనివారం నాలుగు గంటలకు వాటంతటవే ఆగి మొదలగును. కింద హెడ్డుగారి సంతకం. ఆ పక్కన, టైపు చేసినవాడు పెట్టాల్సిన పొడి సంతకం. తనదే. తేదీ చూశాడు. రెండేళ్ల కిందటిది. భార్య పోయిన మూడోవారం.

ఆ నెల ఆయన ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. వచ్చిన కాగితాన్నల్లా టైపు చేశాడు. ఏదీ చదవలేదు.

"కనపడిందా?" అని అడిగింది టీచరమ్మ.

"కనపడింది. మీ అమ్మకి చుక్కలు వెయ్యి," అని పెట్టేశాడు.

ఏడో నంబరు దానంతటదే లేచి కూర్చుంది. ఆయన వెళ్లి చూశాడు. నీలం తెర, పసుపు సంచి, మరేమీ లేదు. ఆయన పట్టిక ఉన్న చోట ఆ మిషను మీద ఎప్పుడూ ఏదీ లేనట్టే ఉంది. దుప్పటి మార్చిన మంచంలా ఉంది. ఫైలు తన జేబులో ఉందని తెలుసు, హెడ్డుగారి గదిలో ఉందని తెలుసు. అయినా కూర్చోవలసి వచ్చింది.

కాసేపటికి తెర కింది గుండీ మీదకు అలవాటుగా చెయ్యి పోయింది. వెనక్కి తీసుకున్నాడు. మిషనును లోపలి నుంచి, ఆపవలసిన విధంగా ఆపాడు. ఆకుపచ్చ దీపం ఆరేదాకా వంగి చూస్తూ ఉన్నాడు. తర్వాత డబ్బాలోంచి ఇవాళ్టి చీటీ ముక్కలన్నీ ఏరి, బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ కలిపి, జిగురుతో అతికించడం మొదలుపెట్టాడు. ఎనిమిది చీటీలు. వాటితో ఇక ఎవరికీ పని లేదు.